హవాయి చెరుకు తోటల్లో పుట్టిన భాష: పిల్లల మెదడు గీసిందా, చుట్టూ ఉన్న భాషలు నేర్పాయా?

"మీ కాపే బాయ్, మీ చెక్ మేక్."

జపాన్ నుంచి హవాయికి వలస వచ్చి అక్కడే ముసలితనానికి చేరిన ఒక మనిషి మాట ఇది. 1970లలో భాషాశాస్త్ర పరిశోధకులు టేపు మీద రికార్డు చేశారు. "అతను నా కాఫీ కొన్నాడు, నాకు చెక్కు రాసిచ్చాడు" అని ఆయన ఉద్దేశం. మాటలన్నీ ఇంగ్లీషువే, కానీ వాక్యం ఇంగ్లీషుది కాదు. కాఫీ ముందు, కొనడం తర్వాత. చెక్కు ముందు, చేయడం తర్వాత. జపనీస్‌లో క్రియ చివర వస్తుంది, తెలుగులోలాగే. ఆ అలవాటునే ఆయన ఇంగ్లీషు మాటల మీద పరిచాడు. కొన్నది ఎవరో, ఎప్పుడో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. సందర్భం తెలిసినవాడికే అర్థం అందుతుంది.

అదే దీవుల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీ "వర్క్ హార్డ్ దిస్ పీపుల్" అంటాడు. కష్టపడతారు ఈ జనం, అని. అతని భాషల్లో క్రియ మొదట వస్తుంది కాబట్టి ఇక్కడా మొదటే వచ్చింది. ఇద్దరూ ఒకే తోటలో పనిచేస్తూ, ఒకరితో ఒకరు ఈ మాటలతోనే నెట్టుకొచ్చారు. భాషాశాస్త్రంలో దీన్ని పిడ్జిన్ అంటారు. ఇది ఎవరికీ మాతృభాష కాదు. పని జరిగేంత పదజాలం ఉంటుంది, వ్యాకరణం మాత్రం ఎవరి ఇంటిది వారు తెచ్చుకుంటారు.

ఇక అదే దీవుల్లో పుట్టి పెరిగినవారి మాట వినండి: "గెట్ వన్ వహీనే షీ గెట్ వన్ డాటా." ఒక ఆడమనిషి ఉంది, ఆమెకు ఒక కూతురు ఉంది, అని. 'వహీనే' హవాయి పదం, మిగతావి ఇంగ్లీషు పదాలు. ఇక్కడ పదాల వరుస తాతల దేశాన్ని బట్టి మారదు. జపాన్ సంతతి అయినా, పోర్చుగీసు సంతతి అయినా, ఫిలిపినో సంతతి అయినా ఇదే వరుస. జరిగినదానికి ఒక గుర్తు, జరగబోయేదానికి ఒకటి, జరుగుతూ ఉన్నదానికి ఒకటి ఉన్నాయి. ఇది క్రియోల్: మాతృభాషగా మాట్లాడేవారున్న పూర్తి భాష. దీవుల్లో జనం దీన్ని ఇప్పటికీ 'పిడ్జిన్' అనే పిలుస్తారు గానీ, శాస్త్రం లెక్కలో ఇది హవాయి క్రియోల్ ఇంగ్లీషు.

ఆ చెదురుమదురు మాటల నుంచి ఈ కట్టుదిట్టమైన భాష ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు భాషాశాస్త్రవేత్త డెరెక్ బికర్టన్ ఇచ్చిన జవాబే నాలుగు దశాబ్దాల వాదానికి మూలం. పెద్దలు పిల్లలకు వ్యాకరణం అందించలేకపోయినప్పుడు, పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్న వ్యాకరణ నమూనానే బయటపెడతారని ఆయన వాదం. ఆ నమూనాకు ఆయన పెట్టిన పేరు బయోప్రోగ్రామ్. 1981లో వచ్చిన పుస్తకంలోనూ, 1984లో విస్తృత చర్చకు పెట్టిన వ్యాసంలోనూ ఆయన దీన్ని పూర్తిగా వివరించాడు.

హవాయే ఎందుకు?

బికర్టన్ అంతకుముందు గయానాలోని ఇంగ్లీషు క్రియోల్ మీద పనిచేశాడు. 1970ల మొదట్లో హవాయికి వచ్చాక ఆయనను ఆశ్చర్యపరిచింది క్రియ చుట్టూ ఉన్న అమరిక. "అతను తింటూ ఉండేవాడు" అనడానికి సూరినామ్‌లోని స్రానాన్ క్రియోల్‌లో "ఆ బెన్ ఎ న్యాన్" అంటారు. 'బెన్' గతకాలానికి గుర్తు, 'ఎ' పని సాగుతోందనడానికి గుర్తు, 'న్యాన్' అంటే తినడం. హైతీ క్రియోల్‌లో "లి తాప్ మాంజే" అంటారు. విడదీస్తే 'లి తే ఆప్ మాంజే': 'తే' గతం, 'ఆప్' కొనసాగింపు. హవాయిలో పాతతరంవారి మాటలో గతానికి 'బిన్', కొనసాగింపుకు 'స్టే', రాబోయేదానికి 'గో'. మూడు చోట్లా గుర్తులు విడి మాటలే, మూడు చోట్లా క్రియకు ముందే. కలిసి వచ్చినప్పుడు కాలం దూరంగా, కొనసాగింపు క్రియకు ఆనుకుని ఉంటాయి. స్రానాన్ పదాలు ప్రధానంగా ఇంగ్లీషు నుంచి, హైతీవి ఫ్రెంచి నుంచి వచ్చాయి. ఇంగ్లీషు గానీ ఫ్రెంచి గానీ క్రియను ఇలా నడపవు.

అయితే స్రానాన్, హైతీ, గయానా పోలికకు మరో సంజాయిషీ ఉంది. ఆ మూడు చోట్లా తోటల్లో పనిచేసినవారిని పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చారు. వారి భాషల్లో ఇలాంటి అమరికలు ఉన్నాయి. అంటే పోలిక పుట్టుక నుంచి గాక పుట్టింటి నుంచి వచ్చి ఉండవచ్చు. క్లేర్ లెఫెవ్ర్ వంటివారు హైతీ వ్యాకరణంలో చాలా భాగాన్ని పశ్చిమ ఆఫ్రికాలోని ఫోన్ భాషతో పక్కపక్కన పెట్టి చూపించారు. అట్లాంటిక్ క్రియోల్‌లు ఎన్ని తెచ్చి పేర్చినా ఈ సందేహం తీరదు.

హవాయి బరువంతా అక్కడుంది. ఆ తోటలకు పశ్చిమ ఆఫ్రికా కూలీలు రాలేదు. అక్కడా అదే అమరిక కనిపిస్తే, అది ఏ పుట్టింటిదీ కాదని వాదించే వీలుంది. పైగా హవాయి క్రియోల్ ఎంత కొత్తదంటే, క్రియోల్‌కు ముందున్న పిడ్జిన్ మాట్లాడిన మనుషులు 1970లలో ఇంకా బతికే ఉన్నారు. చాలా చోట్ల పరిశోధకులకు ఆ అవకాశం దక్కలేదు. అందుకే బయోప్రోగ్రామ్ నిలిచినా కూలినా ముందు హవాయిలో ఏమవుతుందో చూడాలి.

బికర్టన్ మొత్తం 12 లక్షణాలు జాబితా వేశాడు. ఏ సమాజాలకు తన వాదం వర్తిస్తుందో కూడా గీత గీశాడు: ముందున్న పిడ్జిన్ ఒక తరానికి మించి సాగి ఉండకూడదు, పదాలిచ్చిన యజమాని భాష మాతృభాషగా ఉన్నవారు జనంలో 20 శాతానికి మించకూడదు, మిగతా 80 శాతం రకరకాల భాషలవారై ఉండాలి. ఈ గీత అవసరమైనదే. ఒక తరానికి మించి సాగితే పెద్దలే పిడ్జిన్‌ను పెంచేస్తారు, పిల్లలకు చేయడానికి మిగిలేది తక్కువ. పాపువా న్యూ గినీలోని టోక్ పిసిన్‌లో సరిగ్గా అదే జరిగింది. 'బైంబై' అనే కాలవాచక పదం 'బై'గా కుదించుకుపోయి, వాక్యం మొదటి నుంచి క్రియ పక్కకు జరిగి, భవిష్యత్తు గుర్తు అయ్యే దారిలో చాలా దూరం నడిచింది. జిలియన్ శాంకాఫ్, సుజాన్ లబెర్జ్ 1970లలో పెద్దల మాటను, పుట్టుకతో ఆ భాష వచ్చిన పిల్లల మాటను పోల్చి చూశారు. దారి తెరిచింది పెద్దలు. పిల్లలు వేగం పెంచారు, పలుకును కుదించారు.

గొలుసులో మూడు లంకెలు

బయోప్రోగ్రామ్ వాదాన్ని ఒకే ముద్దగా నమ్మడమో, ఒకే ముద్దగా కొట్టేయడమో చాలామంది చేసే పొరపాటు. అది మూడు వేర్వేరు సంగతుల మీద నిలబడి ఉంది, మూడింటినీ విడివిడిగా తరచి చూడవచ్చు. ఒకటి, తొలి పిల్లలు విన్న పిడ్జిన్‌లో ఆ వ్యాకరణం లేకపోవాలి. రెండు, ఆ పిల్లలకు ఆధారపడదగ్గ మరో పూర్తి భాష అందుబాటులో లేకపోవాలి, ఉన్నా వాడుకోకపోయి ఉండాలి. మూడు, పుట్టిన వ్యాకరణం చుట్టూ ఉన్న భాషల నుంచి తేగలిగేది కాకూడదు. ఏ ఒక్క లంకె తెగినా గొలుసు బరువు మోయదు.

మొదటి లంకెలో ఇబ్బంది కాలానిది. బికర్టన్ రికార్డు చేసిన పిడ్జిన్ 1970లలో ముసలివాళ్ల నోట విన్నది. వారు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వచ్చినవారు. క్రియోల్ మొలకెత్తిందీ దాదాపు అప్పుడే. అంటే తొలి పిల్లలు విన్న పిడ్జిన్‌కు ఈ టేపులు ప్రత్యక్ష సాక్ష్యం కావు, ప్రతినిధులు మాత్రమే. పైగా 1970లలో అంత చెదిరిన పిడ్జిన్‌తోనే ఉండిపోయినవారు, అర్ధశతాబ్దం గడిచినా అంతకుమించి నేర్చుకోనివారు. బాగా నేర్చుకున్నవారి మాట వేరేగా ఉంటుంది. నమూనాను ఎంచుకునే చోటే ఫలితం కాస్త ఒరిగిపోయే ప్రమాదం ఉంది.

దీన్ని సరిచూడాలంటే ఆ రోజుల్లోనే కాగితం మీద పడ్డ మాటలు కావాలి. సారా రాబర్ట్స్ అవే వెతికింది. 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల దాకా వచ్చిన పత్రికలు, కోర్టుల్లో సాక్షులు చెప్పినది చెప్పినట్టు రాసుకున్న నమోదులు, అప్పటివారి రాతలు తిరగేసి, ఎవరు ఏ మాట ఎప్పుడు అన్నారో, వారు దీవుల్లో పుట్టారా బయటి నుంచి వచ్చారా అన్నది గుర్తిస్తూ పోగుచేసింది. 1998 నుంచి అచ్చయిన ఆమె పని ఈ వాదం తీరునే మార్చింది.

ఆమె ఫలితాలు అర్థం కావాలంటే తోటల చరిత్ర కొంచెం తెలియాలి. హవాయిలో తొలి పెద్ద చెరుకు తోట 1835లో కవాయి దీవిలోని కొలోవాలో మొదలైంది. చైనా కూలీలు 1852లో ఒప్పందాల మీద రావడం మొదలైంది. అమెరికాతో 1875లో కుదిరిన ఒప్పందం వల్ల హవాయి చక్కెరకు సుంకం తొలగింది, తోటలు ఒక్కసారిగా విస్తరించాయి. 1878 నుంచి పోర్చుగీసువారు మడీరా, అజోర్స్ దీవుల నుంచి వచ్చారు. వీరు చాలావరకు కుటుంబాలతో వచ్చారన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. 1885 నుంచి జపాన్‌వారు, 1900లో ప్యూర్టోరికోవారు, 1903లో కొరియావారు, 1906 నుంచి ఫిలిప్పీన్స్‌వారు వచ్చారు. ఈలోగా రోగాలతో స్థానిక హవాయి జనం కుంగిపోయి, 1890 నాటికి మిశ్రమ సంతతిని కలుపుకున్నా సుమారు 40 వేలకు దిగిపోయారు.

మొదట్లో తోటల్లో పనికొచ్చిన మాట ఇంగ్లీషు కాదు, హవాయి. కూలీలు హవాయి మాటలతో అల్లుకున్న పిడ్జిన్ ఒకటి దశాబ్దాల పాటు నడిచింది. పని అంటే 'హనహన', అయిపోవడం అంటే 'పౌ' లాంటి మాటలు ఇప్పటి క్రియోల్‌లోనూ మిగిలి ఉన్నాయి. 1893లో రాచరికాన్ని కూలదోశాక, 1896 చట్టం బడుల్లో ఇంగ్లీషును బోధన భాష చేసింది. ఇంగ్లీషు పిడ్జిన్ పైచేయి సాధించింది ఈ కాలంలోనే.

ఇప్పుడు రాబర్ట్స్ చూసిన సంగతి. దీవుల్లో పుట్టిన తొలి తరం పిల్లలకు మాతృభాష లేక కాదు. ఇంట్లో పోర్చుగీసో, చైనీసో, జపనీసో, హవాయో నిండుగా మాట్లాడేవారు. వీధిలో, బడి ఆవరణలో, వేరే ఇళ్ల పిల్లలతో కలిసినప్పుడు పిడ్జిన్ ఇంగ్లీషు. ఇళ్లలో ఇంగ్లీషు మాటే మొదటి భాషగా స్థిరపడింది వారి పిల్లల కాలంలో. అంటే వలస వచ్చినవారి నుంచి లెక్కిస్తే మూడో తరం, సుమారుగా 1905 తర్వాతి రెండు దశాబ్దాలు. క్రియోల్ లక్షణాలు గట్టిపడింది దీవుల్లో పుట్టినవారి మాటలోనే. వలస వచ్చినవారి మాటలో అవి అరుదుగా, నిలకడ లేకుండా కనిపిస్తాయి.

ఈ ఫలితాన్ని రెండు పక్షాలూ తమకు కావలసినంతే చదువుకోవడం కనిపిస్తుంది. పూర్తిగా చదివితే, కొత్త వ్యాకరణం స్థానికంగా పుట్టినవారి చేతిలో తయారైందన్న బికర్టన్ మాట నిలుస్తుంది. వేరే సముద్రాల నుంచి ఎవరో తెచ్చి నాటిన క్రియోల్ ఇది అన్న వాదం బలహీనపడుతుంది. కానీ "ఒకే తరంలో" అన్నది పోతుంది. "పెద్దల నుంచి భాష అందని పసివాళ్లు" అన్నది అంతకంటే గట్టిగా పోతుంది. రెండో లంకె తెగింది ఇక్కడే. ఈ వ్యాకరణాన్ని కలిపి కుట్టినవారు ఊయలలోని పసివాళ్లు కాదు. అప్పటికే ఒక పూర్తి భాష నోట ఉండి, రెండో భాషగా పిడ్జిన్ వాడుతున్న బడి పిల్లలు, కుర్రవాళ్లు.

'స్టే' అనే ఒక్క మాట

రెండో భాషలో మాట్లాడేవారు తొలి భాష అలవాట్లు తెస్తారు. కాబట్టి మూడో లంకెను కొత్తగా పరీక్షించాలి: హవాయి క్రియోల్ లక్షణాలు ఆ ఇళ్లలోని భాషల్లో ఉన్నాయా? జెఫ్ సీగెల్ 2000లో ఈ పని చేశాడు. ఆయన ఎత్తిచూపిన వాటిలో 'స్టే' ఒక్కదాన్ని దగ్గరగా చూస్తే పద్ధతి అర్థమవుతుంది.

క్రియోల్‌లో 'హీ స్టే ఈట్' అంటే తింటున్నాడు. ఇంగ్లీషులో 'ఉండిపోవడం' అనే అర్థమున్న క్రియ ఇక్కడ కొనసాగింపుకు గుర్తయింది. చూడగానే ఇది బయోప్రోగ్రామ్ సృష్టి అనిపించవచ్చు, ఇంగ్లీషులో ఇలాంటి వాడుక లేదు కదా అని. అయితే పోర్చుగీసులో 'ఎస్తార్' అనే క్రియ ఉంది. ఒక చోట ఉండడానికి అదే, పని సాగుతూ ఉండడానికి అదే. పోలిక దొరికింది కాబట్టి పోర్చుగీసు నుంచే వచ్చిందని అనేయాలనిపిస్తుంది. అలా అనేస్తే తప్పే. తెలుగునే చూడండి: 'తింటూ ఉన్నాడు', 'తింటున్నాడు'. 'ఉండు' అనే క్రియే ఇక్కడ కొనసాగింపు గుర్తు అయింది. తెలుగు ఏ తోటలోనూ పుట్టలేదు, పోర్చుగీసు దగ్గరా నేర్చుకోలేదు. ఉండడం నుంచి కొనసాగడం వైపు నడిచే దారి ప్రపంచ భాషల్లో బాగా తొక్కుడు పడ్డ దారి. 'పోవు' అనే క్రియ భవిష్యత్తుకు గుర్తు కావడమూ అంతే. 'తినబోతున్నాడు' అన్నప్పుడు తెలుగూ ఆ దారిలోనే నడుస్తుంది. ఒక లక్షణం రెండు చోట్ల కనిపించినంత మాత్రాన అది పుట్టుకదీ కాదు, అరువూ కాదు.

తేల్చేది వేలిముద్ర లాంటి వివరం. పోర్చుగీసులో 'ఎస్తార్' పక్కన 'సేర్' అనే మరో క్రియ ఉంది. తాత్కాలికమైన స్థితికి మొదటిది, శాశ్వతమైన గుణానికి రెండోది. ఇప్పుడు హవాయి క్రియోల్‌కు వస్తే, నీళ్లు చల్లగా ఉన్నాయనడానికి 'ద వాటా స్టే కోల్' అంటారు. ఆ చల్లదనం మారిపోయేది. మా అక్క సన్నగా ఉంటుందనడానికి 'మై సిస్టా స్కిన్నీ' అంటే సరి, 'స్టే' అక్కర్లేదు. గోడ పొట్టిగా ఉందనడానికి 'స్టే' పెడితే ఆ భాషవారి చెవికి తప్పుగా వినిపిస్తుంది. చోటు, తాత్కాలిక స్థితి, సాగే పని: ఈ మూడూ ఒకే మాట కిందికి వచ్చి, శాశ్వత గుణం బయట ఉండిపోవడం పోర్చుగీసు 'ఎస్తార్' హద్దులకు దగ్గరగా సరిపోతుంది. 'ఉండడం నుంచి కొనసాగడం' అనే సాధారణ దారి ఈ హద్దును వివరించలేదు. బికర్టన్ జాబితా కూడా దీన్ని ముందుగా చెప్పలేదు.

ఇదే కొలతతో 'గెట్' వైపు చూస్తే ఫలితం అంత పదునుగా రాదు. "గెట్ వన్ వహీనే షీ గెట్ వన్ డాటా" అన్న వాక్యంలో ఉనికికీ, కలిగి ఉండడానికీ ఒకే మాట. బికర్టన్ 12 లక్షణాల్లో ఇది ఒకటి. కాంటనీస్‌లో 'యౌ' అనే క్రియ రెండు పనులూ చేస్తుంది, చైనా కూలీలు తొలి దశాబ్దాల నుంచీ అక్కడున్నారు. కానీ ఆ వాక్యానికి తెలుగు అర్థం చెప్పినప్పుడు మనమూ రెండు చోట్లా 'ఉంది' అనే అన్నాం. ఇంత సాధారణమైన అమరికకు కాంటనీస్ మూలమని చెప్పడం సాధ్యమే, తప్పనిసరి కాదు. పుట్టుకతో వచ్చే క్రియోల్ గుర్తు అనడం మాత్రం మరీ దూరం.

జపనీస్ ముద్ర ఎక్కడ?

అరువు వాదం మీద బికర్టన్ వేసిన ప్రశ్న ఇప్పటికీ బలమైనదే. ఏ లక్షణానికి ఆ లక్షణం, ఏ భాషలో ఉంటే ఆ భాష నుంచి తెచ్చుకున్నారంటే, అది ముందు పెట్టిన వంటకాల్లో నచ్చినవి ఏరుకున్నట్టు ఉంటుంది. ఫలితం తెలిశాక ఏదైనా చెప్పొచ్చు. దీనికి హవాయిలో పదునైన రూపం ఉంది. 1900 ప్రాంతానికి తోటల్లో అందరికంటే ఎక్కువమంది జపాన్‌వారు. మరి క్రియోల్‌లో క్రియ చివర రాదేం? విభక్తి లాంటి ప్రత్యయాలు లేవేం? ఎక్కువమంది నోటి భాషే ముద్ర వేయాలంటే మొదట కనిపించాల్సింది జపనీస్ ముద్ర.

దీనికి జవాబు తలల లెక్కలో లేదు, వరుసలో ఉంది. కుటుంబాలతో ముందు వచ్చినవారు పోర్చుగీసువారు. కాబట్టి దీవుల్లో పుట్టి, బడికి వెళ్లి, ఇంగ్లీషు పిడ్జిన్‌ను ఆటస్థలంలో తిప్పిన తొలి పిల్లల్లో పోర్చుగీసు, చైనీసు ఇళ్లవారు ముందున్నారు. జపాన్ నుంచి తొలుత వచ్చినవారు ఎక్కువగా ఒంటరి మగవారు. వారి పిల్లలు పెద్ద సంఖ్యలో బడికి వచ్చేసరికి ఆటస్థలంలో మాట్లాడే తీరు చాలావరకు కుదురుకుంది. తర్వాత వచ్చినవారు ఉన్నదాన్ని నేర్చుకుంటారు గానీ కొత్తగా కట్టరు. సాలికోకో ముఫ్వేనే దీన్ని తొలి స్థాపకుల ప్రభావంగా సూత్రీకరించాడు. ఈ జవాబులోని బలం, దాన్ని తప్పని నిరూపించే దారి కూడా ఉండడం. తొలి బడి పిల్లల్లో జపాన్ ఇళ్లవారే ఎక్కువని ఏ ఊరి నమోదుల్లోనైనా తేలి, అక్కడి మాట కూడా ఇలాగే ఉంటే వివరణ కూలుతుంది.

బయోప్రోగ్రామ్‌కు ఆ సౌలభ్యం తక్కువ. ఎదురు ఉదాహరణ చూపిస్తే, ఆ సమాజం 80-20 గీతకు బయట ఉందనే జవాబు సిద్ధంగా ఉంటుంది. గయానాలో బెర్బీస్ నది వెంట డచ్చి తోటల్లో పుట్టిన క్రియోల్ దీనికి మంచి ఉదాహరణ. పదాల్లో పెద్ద భాగం డచ్చి అయినా, మూల పదజాలంలో గణనీయమైన భాగం నైజర్ డెల్టాలోని ఈజో భాషది. కాలాన్నీ కొనసాగింపునూ చెప్పే గుర్తుల్లో కొన్ని క్రియకు ముందు విడిగా కాక, క్రియకు వెనక ప్రత్యయాలుగా అతుక్కునేవి, ఈజో నుంచి వచ్చినవే. అక్కడి బానిసల్లో ఈజోవారు ప్రబలంగా ఉండడం వల్ల భాషల వైవిధ్యం తక్కువ, కాబట్టి గీతకు బయట, అంటే ఒప్పుకోవచ్చు. కురసావ్ వైపు మాట్లాడే పాపియామెంటులో భవిష్యత్తు గుర్తు 'లో' కర్తకే ముందు వస్తుంది, 'లో మి బై' అంటే నేను వెళ్తాను. దీనికీ విడిగా సంజాయిషీ చెప్పాలి. ప్రతి మినహాయింపుకూ ఒక గోడ కడుతూ పోతే, లోపల మిగిలే భాషలు వేళ్ల మీద లెక్కపెట్టేంత. అందులో చాలావరకు పశ్చిమ ఆఫ్రికా మూలాలవే అయినప్పుడు పోలికకు బలం ఎక్కడిది?

పెద్ద లెక్కలతో చూసినవారు కూడా ఒక్కటి కాలేదు. 2011లో పీటర్ బాకర్, అతని సహచరులు వ్యాకరణ లక్షణాల్ని కంప్యూటర్‌తో గుంపులు కట్టించి, క్రియోల్‌లు మిగతా భాషల నుంచి విడిగా ఒకచోట చేరతాయని చూపించారు. 2017లో డామియన్ బ్లాసీ, సుజాన్ మిఖాయెలిస్, మార్టిన్ హాస్పెల్‌మాత్ 48 క్రియోల్‌లను 111 ఇతర భాషలతో పోల్చి, క్రియోల్ వ్యాకరణాన్ని చాలావరకు దాని తల్లిభాషల నుంచే అంచనా వేయొచ్చని తేల్చారు. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది నమూనా. క్రియోల్‌లలో ఎక్కువ వాటికి పదాలిచ్చింది పశ్చిమ యూరప్ భాషలు, వ్యాకరణపు ఆధారం పశ్చిమ ఆఫ్రికా భాషలు. ఒకే రెండు ఇళ్ల సంతానం ఒకే పోలికతో ఉండడం, పుట్టుకతో వచ్చే నమూనాకు సాక్ష్యం కాదు.

పిల్లలు నిజంగా చేసే పని

ఇంతా అయ్యాక పిల్లల పాత్ర సున్నా అనడం కూడా సాక్ష్యానికి విరుద్ధమే. పసితనంలో చెవిటితనం ఉన్న ఒక అబ్బాయి మీద జెనీ సింగిల్టన్, ఎలిసా న్యూపోర్ట్ చేసిన పరిశీలన 2004లో వచ్చింది. అతని తల్లిదండ్రులు అమెరికన్ సంజ్ఞా భాషను ఆలస్యంగా నేర్చుకున్నారు, కదలికను చెప్పే క్రియల రూపాల్లో సుమారు 70 శాతమే సరిగా వాడేవారు. ఆ భాష అతనికి వారి దగ్గర మాత్రమే అందింది. ఏడేళ్ల ప్రాయంలో అతని వాడుక 90 శాతం దగ్గరకు చేరింది. తప్పులతో వచ్చిన మూసను గట్టి నియమంగా మార్చుకున్నాడు. కార్లా హడ్సన్ కామ్, న్యూపోర్ట్ 2005లో కల్పిత చిన్న భాషతో చేసిన ప్రయోగంలోనూ ఇలాంటిదే: నిలకడ లేని రూపాన్ని పెద్దలు ఉన్న నిష్పత్తిలోనే తిరిగి వాడారు, పిల్లల్లో చాలామంది దాన్ని ఏదో ఒక నియమానికి తెచ్చేశారు.

హవాయి నమోదులను ఈ వెలుగులో చూస్తే కథ కుదురుతుంది. 'స్టే', 'బిన్', 'గో' ముందు నుంచీ అక్కడక్కడా, నిలకడ లేకుండా వాడుకలో ఉన్నాయి. బడి పిల్లలు తమ ఇంటి భాషల హద్దులతో వాటిని బిగించారు. ఆ బిగించిన మాటను వారి పిల్లలు మాతృభాషగా విన్నప్పుడు మినహాయింపులు రాలిపోయాయి, నియమం మిగిలింది. పిల్లలు దిద్దేవారు. లేనిదాన్ని శూన్యం నుంచి తెచ్చారని హవాయి సాక్ష్యం చెప్పదు.

శూన్యానికి దగ్గరగా వెళ్లిన సందర్భం నికరాగువాలో ఉంది. 1977లో మనాగ్వాలో మొదలైన ప్రత్యేక విద్యాకేంద్రంలో, తర్వాత వృత్తి బడిలో, అంతవరకు ఒంటరిగా ఇంటి సైగలతో పెరిగిన చెవిటి పిల్లలు ఒకచోట చేరారు. వారి మధ్య ఒక సంజ్ఞా భాష పుట్టింది. ఆన్ సెంఘాస్, ఆమె సహచరులు చూసినట్టు, ముందు చేరినవారి కంటే తర్వాత చిన్నవయసులో చేరినవారి వ్యాకరణం మరింత కట్టుదిట్టంగా ఉంది. వినదగ్గ భాష అందకపోయినా పిల్లలు భాష కట్టగలరన్నది ఇక్కడ నిజంగా కనిపిస్తుంది. కానీ కట్టినది బికర్టన్ జాబితాలోని 12 లక్షణాలు కాదు. సైగలను ఒక చోటులో ఉంచి ఎవరు ఎవరికి ఏం చేశారో చెప్పడం లాంటి, చేతులకు సహజమైన పనిముట్లు. కట్టే శక్తి పుట్టుకదే కావచ్చు, కట్టుబడి నమూనా ఒక్కటే అనడానికి ఇది సాక్ష్యం ఇవ్వదు.

హవాయిలో ఆ నియమం తర్వాత ఏమైందో కూడా చూడాలి. పాతతరం వాడిన 'బిన్' స్థానంలో నేడు ఎక్కువమంది 'వెన్' అంటారు; 'హీ వెన్ ఈట్' అంటే తిన్నాడు. ఇంగ్లీషులో 'వెళ్లాడు' అనే క్రియ అరిగి గతకాలపు గుర్తుగా మారింది. కవాయి దీవి వైపు 'హాడ్' అని కూడా వింటారు. మాట మారింది, క్రియకు ముందు ఆ చోటు మారలేదు. దాన్ని మార్చింది ఇంటి భాష దొరకని పసివాళ్లు కాదు. నిండైన మాతృభాష ఉన్న మామూలు జనమే, ఏ భాషలోనైనా జరిగే తీరులో.